అందరికీ తెలిసిన మాటను చాటడం: జ్ఞానతర్క చరిత్రలో ఒక చిక్కుప్రశ్న

కేంబ్రిడ్జి గణితవేత్త జె. ఇ. లిటిల్‌వుడ్ 1953లో ప్రచురించిన 'ఎ మ్యాథమెటీషియన్స్ మిసెలనీ' అనే చిన్న గ్రంథంలో ఒక రైలుపెట్టె కథ ఉంది. ముగ్గురు స్త్రీలు ఎదురెదురుగా కూర్చుని ఉంటారు. ముగ్గురి ముఖాలకూ మసి అంటి ఉంటుంది. ముగ్గురూ నవ్వుతూ ఉంటారు. ఎవరి ముఖం వారికి కనిపించదు కనుక, తక్కిన ఇద్దరినీ చూసి నవ్వుతున్నామని ఒక్కొక్కరి భావన. హఠాత్తుగా మొదటామెకు ఒక ఆలోచన తడుతుంది: నా ముఖం శుభ్రంగా ఉన్నట్లయితే, మూడవామె ఎవరిని చూసి నవ్వుతున్నదో రెండవామెకు ఈపాటికి అర్థమై ఉండాలి కదా! నేను నవ్వు పుట్టించేదానిని కానప్పుడు, మూడవామె నవ్వుకు కారణం తానేనని రెండవామె గ్రహించి నవ్వు ఆపివేసేది. ఆపలేదు. కాబట్టి నా ముఖానికీ మసి ఉంది.

లిటిల్‌వుడ్ దీనిని అతి తక్కువ ముడిసరుకుతో నడిచే గణిత తర్కానికి ఉదాహరణగా చెప్పాడు. ఎంతమందికైనా దీనిని విస్తరించవచ్చునని కూడా సూచించాడు. కానీ ఈ తర్కం నడవటానికి అవసరమైన ముడిసరుకు ఏమిటని ఆయన విచారించలేదు. ఆ విచారణకు కావలసిన పరిభాష అప్పటికి తయారు కాలేదు. ఒకరి జ్ఞానాన్ని గురించి మరొకరికి గల జ్ఞానాన్ని లెక్కగట్టే తర్కశాఖ, అంటే జ్ఞానతర్కం, గ్రంథరూపం ధరించటానికి ఇంకా తొమ్మిదేళ్లు పట్టింది. చిక్కుప్రశ్న ముందు పుట్టి, దానిని విప్పగల శాస్త్రం తరువాత పుట్టిన సందర్భమిది. ఈ వ్యాసం ఆ ఎడాన్ని పరిశీలిస్తుంది. ఒక వ్యక్తికి 'తెలుసునని తెలియటం', ఒక సమూహానికి 'అందరికీ తెలుసునని అందరికీ తెలియటం' అనే రెండు సమస్యలను మన పాఠ్యగ్రంథాలు ఒకే మెట్లవరుసగా చూపుతుంటాయి. అవి రెండు వేర్వేరు నిచ్చెనలనీ, మొదటిది ఎక్కినంత మాత్రాన రెండవది ఎక్కినట్లు కాదనీ ఇక్కడ ప్రతిపాదన.

తండ్రి మాట

లిటిల్‌వుడ్ కథకు నేడు ఎక్కువ ప్రచారంలో ఉన్న రూపం బురద పిల్లలది. రాము, సోము, భీము ఆడుకుని వచ్చారు. ముగ్గురి నుదుటనూ బురద ఉంది. ఎవరి నుదురు వారికి కనిపించదు. తక్కిన ఇద్దరివీ కనిపిస్తాయి. తండ్రి వచ్చి, 'మీలో కనీసం ఒకరి నుదుట బురద ఉంది' అంటాడు. తరువాత, 'తన నుదుట బురద ఉన్నదో లేదో ఎవరికైనా తెలుసా?' అని అడుగుతాడు. ముగ్గురూ ఒక్కసారిగా 'తెలియదు' అంటారు. మళ్లీ అదే ప్రశ్న, అదే జవాబు. మూడవసారి అడిగినప్పుడు ముగ్గురూ 'తెలుసు, బురద ఉంది' అంటారు. పిల్లలు సత్యమే పలుకుతారనీ, తర్కంలో తప్పరనీ, ఈ సంగతి అందరూ ఎరుగుదురనీ షరతు.

తండ్రి మొదటి మాట అనకుండా నేరుగా ప్రశ్న మొదలుపెడితే, నూరుసార్లు అడిగినా జవాబు 'తెలియదు' గానే ఉంటుంది. ఇక్కడే చిక్కు. ఆ మాటలో పిల్లలకు కొత్త విషయం ఏమీ లేదు. ప్రతివాడికీ ఇద్దరి నుదుట బురద ప్రత్యక్షంగా కనిపిస్తున్నది. 'కనీసం ఒకరికి' అన్నది ముందే తెలుసు. అంతేకాదు, అది అందరికీ తెలుసునని కూడా అందరికీ తెలుసు: సోముకు భీము నుదుట బురద కనిపిస్తున్నదని రాము చూస్తూనే ఉన్నాడు. మరి తండ్రి ఏమి చేర్చాడు?

దీనిని లోతుగా చూడాలి. బురద ఉంటే 1, లేకుంటే 0 అనుకుని రాము, సోము, భీము వరుసలో రాస్తే అసలు స్థితి 111. రాము తన నుదురు శుభ్రమేమోనని అనుమానించగలడు. అతని దృష్టిలో 011 కూడా సాధ్యమే. ఆ 011లో ఉన్న సోము తన నుదురు శుభ్రమేమోనని అనుమానించగలడు, అది 001. ఆ 001లో ఉన్న భీముకు ఇద్దరూ శుభ్రంగా కనిపిస్తారు కనుక, తానూ శుభ్రమేనని, అంటే 000 అని, అనుమానించగలడు. కాబట్టి 'కనీసం ఒకరికి బురద ఉన్నదని భీముకు తెలుసునని సోముకు తెలుసు' అన్న సంగతి రాముకు తెలియదు. అందరికీ తెలుసు, అందరికీ తెలుసునని అందరికీ తెలుసు, కానీ మూడవ అంతస్తు లేదు. ముగ్గురికి బదులు నలభైమంది ఉండి నలభైమందికీ బురద ఉంటే, ముప్పైతొమ్మిది అంతస్తుల వరకు నిర్మాణం పూర్తయి నలభయ్యవ అంతస్తు కూలి ఉంటుంది. నలభై అన్న అంకె నా కల్పన కాదు. జార్జ్ గామోవ్, మార్విన్ స్టెర్న్ 1958లో 'పజిల్-మ్యాథ్' అనే పుస్తకంలో ఒక సుల్తాను నగరంలోని నలభైమంది వ్యభిచారిణుల కథగా దీనిని చెప్పారు. ఆ కథలోని రక్తపాతం నేటి తరగతిగదికి తగదని పిల్లలూ బురదా వచ్చి ఉంటాయని ఊహించవచ్చు.

తండ్రి ఆ మాటను ఒక్కొక్కరి చెవిలో రహస్యంగా చెప్పి ఉంటే ప్రయోజనం శూన్యం. అదే మాట అందరూ వింటుండగా, వింటున్నారని అందరూ చూస్తుండగా పలికినప్పుడు లేని అంతస్తులన్నీ ఒక్కసారిగా లేస్తాయి. తెలుగులో 'బహిరంగ రహస్యం' అనే పదబంధం ఉంది. అందరూ ఎరిగినా ఎవరూ ఎరగనట్లే మసలే విషయానికి ఆ పేరు. బహిరంగమైనదాన్ని ఇంకా రహస్యమని ఎందుకు అంటున్నామో ఈ లెక్క చెబుతుంది. చాటింపు పడలేదు కనుక.

లిటిల్‌వుడ్ కథలో తండ్రి లేడు కదా అన్న సందేహం రావచ్చు. అక్కడ చాటింపు పని చేస్తున్నది నవ్వు. నవ్వు ఎదురెదురుగా అందరికీ వినిపించేది, కనిపించేది. 'ఇక్కడ నవ్వదగినవారు ఉన్నారు' అని అది చెప్పకుండానే చెబుతున్నది. ఆ ముగ్గురూ నవ్వును లోలోపల అణచుకుని ఉంటే మొదటామె తర్కం మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయేది.

ఒక్కరి నిచ్చెన

1962లో ఫిన్లాండు తత్త్వవేత్త యాకో హింటిక్కా 'నాలెడ్జ్ అండ్ బిలీఫ్' గ్రంథంతో ఈ శాఖకు పునాది వేశాడు. ఆయన గురువు జి. హెచ్. ఫాన్ రిక్ట్ 1951లోనే జ్ఞానపదాలను ఆవశ్యక–సంభావ్య పదాల వలె తర్కంలో నడపవచ్చునని సూచించి ఉన్నాడు. హింటిక్కా దానికి అర్థవివరణ సమకూర్చాడు. ఒకనికి ఒక విషయం తెలుసు అంటే, అతని ఎరుకకు విరోధించని ప్రత్యామ్నాయ స్థితులన్నిటిలోనూ ఆ విషయం నిజం కావాలి. రాము దృష్టిలో 111, 011 రెండూ ప్రత్యామ్నాయాలు. రెండింటిలోనూ సోముకు బురద ఉంది కనుక ఆ సంగతి రాముకు తెలుసు. తన సంగతి రెండింటిలోనూ ఒకటి కాదు కనుక తెలియదు.

ఆ గ్రంథంలో ఎక్కువ వాదం రేపిన సూత్రం Kp → KKp. తెలిసినవానికి తనకు తెలుసునని తెలుసు అని దాని అర్థం. ప్రత్యామ్నాయానికి ప్రత్యామ్నాయమైనది కూడా మొదటి స్థితికి ప్రత్యామ్నాయమే అని ఒప్పుకుంటే ఈ సూత్రం సిద్ధిస్తుంది. హింటిక్కా దీనిని మనస్సు తనలోకి తాను చూసుకోవటం మీద ఆధారపరచలేదన్నది గమనార్హం. 'తెలుసు' అనే మాటను ఆయన బలమైన అర్థంలో తీసుకున్నాడు: ఇక ఏ అదనపు సమాచారం వచ్చినా మార్చుకోనక్కరలేనంత గట్టి ఆధారం ఉన్నప్పుడే తెలిసినట్లు. ఆ అర్థంలో తెలియటానికీ, తెలుసునని తెలియటానికీ మధ్య ఎడం ఉండదు. తెలియనివానికి తనకు తెలియదని తెలుసు అనే జంటసూత్రాన్ని మాత్రం ఆయన తిరస్కరించాడు. తరువాతివారు, ముఖ్యంగా అర్థశాస్త్రజ్ఞులు, కంప్యూటర్ శాస్త్రజ్ఞులు, సౌకర్యం కొరకు దానిని కూడా చేర్చుకున్నారు. హింటిక్కా పేరుతో నేడు పాఠాలలో వినిపించేది చాలావరకు ఆయన ఒప్పుకోని తర్కం.

ఈ వివాదం మన దర్శనాలకు కొత్తది కాదు. 'ఇది ఘటం' అన్న వ్యవసాయజ్ఞానం పుట్టినప్పుడు, 'ఘటాన్ని నేనెరుగుదును' అన్న అనువ్యవసాయం వేరుగా, దాని తరువాత పుట్టాలని నైయాయికుల పక్షం. జ్ఞానం తనను తాను వెలిగించుకునే పుడుతుందని ప్రాభాకరులు, విషయంలో ఏర్పడిన జ్ఞాతత అనే ధర్మాన్ని బట్టి జ్ఞానాన్ని ఊహిస్తామని భాట్టులు వాదించారు. న్యాయపక్షంలో అనువ్యవసాయం తప్పనిసరి కాదు. ఇంకొక ఆసక్తి అడ్డుపడితే అది పుట్టకపోవచ్చు. పుట్టిన అనువ్యవసాయాన్ని ఎరిగే మరొక అనువ్యవసాయం అవసరం లేదు. అనవస్థాదోషం నుండి వారు తప్పించుకున్న దారి అదే. ఆంధ్రుడుగా ప్రసిద్ధుడైన అన్నంభట్టు తర్కసంగ్రహ దీపికలో జ్ఞానలక్షణాన్నే అనువ్యవసాయం మీద నిలిపాడు. ప్రామాణ్యం స్వతస్సిద్ధమా, పరతస్సిద్ధమా అన్న విచారాన్ని అదే గ్రంథంలో నడిపాడు. బిమల్ కృష్ణ మతిలాల్ 1986 నాటి 'పర్సెప్షన్'లో ఈ చర్చను ఆధునిక సమస్యకు ఎదురుగా నిలిపి చూశాడు. అయితే పోలికకు ఒక హద్దు ఉంది. నైయాయికుల 'జ్ఞానం'లో భ్రమ కూడా చేరుతుంది. హింటిక్కా K అబద్ధానికి వర్తించదు. K సూత్రాన్ని అనువ్యవసాయంతో మాత్రమే పోల్చటం చాలదు. 'నా జ్ఞానం యథార్థం' అన్న నిశ్చయం కూడా అందులో ఇమిడి ఉంది కనుక, పరతఃప్రామాణ్యవాదాన్ని కలిపి పోల్చాలి. ఆ రెండింటినీ కలిపితే నైయాయికుడు Kp → KKp ని ఒప్పుకోడని చెప్పవచ్చు.

టిమొతీ విలియమ్సన్ 2000లో 'నాలెడ్జ్ అండ్ ఇట్స్ లిమిట్స్'లో చేసిన ఆక్షేపణ వేరొక వైపు నుండి వచ్చింది. దూరాన ఉన్న చెట్టు ఎత్తును కంటితో అంచనా కట్టేవానికి అంగుళం తేడా పట్టుబడదు. చెట్టు ఫలానా ఎత్తు కాదని అతనికి తెలియాలంటే దాని చుట్టూ కొంత మేర కూడా తప్పు కాకుండా ఉండాలి. అతనికి ఈ సంగతి తెలుసు. దీనికి తోడు తెలిసినదంతా తెలుసునని కూడా తెలుసు అని ఒప్పుకుంటే, చెట్టు సున్నా అంగుళాలు కాదన్న నిస్సందేహమైన జ్ఞానం నుండి ఒక్కొక్క అంగుళమే జరుగుతూ, చెట్టు అసలు ఎత్తు కూడా దాని ఎత్తు కాదని తెలుసుననే అసంబద్ధతకు చేరుతాము. కాబట్టి తెలియటం మీది ప్రతి మెట్టుకూ కొంత మేర ఖర్చవుతుంది. ఇది మన రెండవ సమస్యను కూడా తాకుతుంది. సమూహపు నిచ్చెనలో ఒక్కొక్కరి నిచ్చెన ఇమిడి ఉంటుంది గనుక, మొదటిది విరిగితే రెండవది నిలవదు. దీని విపర్యయం మాత్రం నిజం కాదు.

సమూహపు నిచ్చెన

బురద పిల్లలలో ప్రతివానికీ హింటిక్కా సూత్రం పూర్తిగా వర్తిస్తుందని ఒప్పుకుందాం. రాముకు తెలిసినది తెలుసునని రాముకు తెలుసు. ఆ పై మెట్లు కూడా ఉచితంగా లభిస్తాయి. అయినా పైన చూచినట్లు మూడవ అంతస్తు కూలింది. కారణం మూడడుగుల నడక: 111 నుండి 011కు రాము అనుమానం మీద, అక్కడి నుండి 001కి సోము అనుమానం మీద, అక్కడి నుండి 000కు భీము అనుమానం మీద వెళ్లాము. ఒకే వ్యక్తి అనుమానం మీద ఎన్ని అడుగులు వేసినా మొదటి అడుగులో చేరిన చోటనే తిరుగుతాము. వ్యక్తి మారినప్పుడల్లా కొత్త స్థితికి దారి తెరుచుకుంటుంది. సంబంధాలు ఒక్కొక్కటీ సంక్రామకమైనా వాటి కలయిక సంక్రామకం కానక్కరలేదు. 'అందరికీ తెలుసు' అన్నది ఒక వ్యక్తి తెలియటం వంటిది కాకపోవటానికి మూలం ఈ చిన్న బీజగణిత సత్యమే.

డేవిడ్ లూయీస్ 1969లో 'కన్వెన్షన్' గ్రంథంలో ఈ సమూహజ్ఞానానికి తొలిసారి పటిష్ఠమైన నిర్వచనం ఇచ్చాడు. ఆయన ప్రశ్న ఆచారాలను గురించినది: అందరూ రోడ్డుకు ఒకే పక్క నడపటం ఏ ఒప్పందమూ లేకుండా ఎలా నిలుస్తున్నది? థామస్ షెల్లింగ్ 1960 నాటి సమన్వయ సమస్యల చర్చ ఆయనకు ప్రేరణ. లూయీస్ అనంతమైన మెట్లతో మొదలుపెట్టలేదు. ఒక పరిస్థితితో మొదలుపెట్టాడు. తండ్రి పలికిన సందర్భానికి అన్వయిస్తే: తండ్రి పలికాడని నమ్మటానికి అందరికీ ఆధారం ఉంది, ఆ ఆధారం అందరికీ ఉన్నదని ఆ పలుకుడే ప్రతివానికీ సూచిస్తుంది, కనీసం ఒకరికి బురద ఉన్నదని కూడా అది ప్రతివానికీ సూచిస్తుంది. ఈ మూడూ ఉంటే, పిల్లలు ఒకరి తర్కశక్తిని మరొకరు నమ్మినంత మేరకు, మెట్లు వాటంతటవే పుడతాయి. అనంతమైన మెట్లను మనుషులు తలలో మోయలేరన్న సామాన్యమైన ఆక్షేపణ లూయీస్‌కు తగలదు. ఆయన మోయమన్నది ఒక్క సంఘటనను. తరువాతి సాహిత్యం ఆయన నిర్వచనాన్ని పక్కన పెట్టి మెట్లనే నిర్వచనంగా గ్రహించటం నా దృష్టిలో ఒక నష్టం.

ఆ మార్పుకు బలం చేకూర్చినది రాబర్ట్ ఆమన్ 1976లో రాసిన నాలుగు పుటల వ్యాసం. సమాచారాన్ని స్థితుల విభజనలుగా చూపి, సమూహజ్ఞానాన్ని ఆయన స్వతంత్రంగా నిర్వచించాడు: ఉన్న స్థితి నుండి ఎవరి అనుమానం మీదనైనా, ఎన్ని అడుగులలోనైనా చేరగల స్థితులన్నిటిలో నిజమైనదే సమూహానికి విదితం. మన బొమ్మలో 111 నుండి 000కు దారి ఉన్నంతకాలం 'కనీసం ఒకరికి బురద' సమూహవిదితం కాదు. ఈ నిర్వచనం లెక్కకు ఎంతో అనువైనది. కానీ విభజన ఎక్కడ నుండి వచ్చిందో, ఏ సంఘటన దానిని మార్చిందో ఇందులో కనిపించదు.

సంఘటన లేకుండా మెట్లు ఒక్కొక్కటిగా కట్టుకోవచ్చునా? కంప్యూటర్ శాస్త్రం దీనికి కాదని నిరూపణతో జవాబిచ్చింది. అక్కొయున్లు, ఏకనాథం, హ్యూబర్ 1975లో సమాచార జాలాల రూపకల్పన సందర్భంలో లేవనెత్తిన సమస్యకు 1978లో జిమ్ గ్రే ఇద్దరు సేనాపతుల పేరు పెట్టాడు. లోయకు ఇరువైపులా రెండు సేనలు. కలిసి దాడి చేస్తేనే గెలుపు. వార్తాహరుడు దారిలో చిక్కవచ్చు. 'రేపు తెల్లవారగానే దాడి' అన్న వార్త చేరితే రెండవవానికి తెలుసు, కానీ చేరిందని మొదటివానికి తెలియదు. అందినట్లు జవాబు వస్తే, ఆ జవాబు చేరిందని రెండవవానికి తెలియదు. ప్రతి రాకపోకా ఒక్క మెట్టును కడుతుంది. ఎన్ని కట్టినా పైన ఇంకొకటి మిగిలే ఉంటుంది. జోసెఫ్ హాల్‌పెర్న్, యోరామ్ మోసెస్ 1984లో సమర్పించి 1990లో పూర్తి రూపంలో ప్రచురించిన వ్యాసంలో, వార్త చేరుతుందన్న హామీ లేనిచోట సమూహజ్ఞానం కొత్తగా ఏర్పడదని చూపారు. వార్త తప్పక చేరినా, ఎప్పుడు చేరుతుందో తెలియనిచోట కూడా ఫలితం అదే.

చాటింపు తర్కం

చాటింపునే తర్కసంకేతంగా చేసినది యాన్ ప్లాజా. 1989లో ఒక సదస్సు పత్రంగా వెలువడిన ఆ రచన చాలాకాలం మరుగున పడి 2007లో పునర్ముద్రణ పొందింది. ఈలోగా గెర్‌బ్రాండీ, గ్రోనవెల్డ్ 1997లో దాదాపు అదే భావనను స్వతంత్రంగా చేరుకున్నారు. భావన సరళమైనది: సత్యమైన వాక్యాన్ని బహిరంగంగా ప్రకటించటం అంటే, ఆ వాక్యం అబద్ధమయ్యే స్థితులన్నిటినీ బొమ్మ నుండి అందరికీ ఒక్కసారిగా కొట్టివేయటం.

ముగ్గురు పిల్లలకు ఎనిమిది స్థితులు. తండ్రి మాటతో 000 పోయి ఏడు మిగిలాయి. నడకలో చివరి అడుగుకు ఇక చోటు లేదు. 'కనీసం ఒకరికి' సమూహవిదితమైంది. మొదటి 'తెలియదు'తో 100, 010, 001 పోయాయి: ఒక్కనికే బురద ఉంటే వాడు తక్కిన ఇద్దరినీ శుభ్రంగా చూసి, తండ్రి మాటను బట్టి తన సంగతి గ్రహించేవాడు. నాలుగు మిగిలాయి. రెండవ 'తెలియదు'తో 110, 101, 011 పోయాయి. 111 ఒక్కటే మిగిలింది. మూడవ ప్రశ్నకు జవాబు సిద్ధం. పిల్లల 'తెలియదు' కూడా తండ్రి మాట వలెనే చాటింపు అని ఇక్కడ స్పష్టమవుతుంది. వారు ఒకరి జవాబు మరొకరు వినకుండా చీటీల మీద రాసి తండ్రికి ఇచ్చినట్లయితే మొదటి కొట్టివేతతోనే కథ ఆగిపోతుంది.

ఇందులో ఒక వింత దాగి ఉంది. రెండవసారి పిల్లలు 'తెలియదు' అన్నది సత్యమే. అది సత్యం కనుకనే అందరూ దానిని స్వీకరించారు; స్వీకరించిన క్షణంలోనే అది అబద్ధమైంది, ఎందుకంటే ఇప్పుడు ముగ్గురికీ తెలుసు. సత్యమైన వాక్యాన్ని నమ్మదగిన వ్యక్తి బహిరంగంగా చాటినా, ఆ వాక్యం సమూహవిదితం కావాలన్న నియమం లేదు. 'వాన పడుతున్నది, నీకు తెలియదు' అని ఒకరితో అనటం వంటిదే ఇది. అనగానే రెండవ భాగం చెల్లదు. జి. ఇ. మూర్ గుర్తించిన 'వాన పడుతున్నది, నేను నమ్మను' అన్న రకం వాక్యాలకు ఇది దగ్గరి చుట్టం. హింటిక్కా 1962 గ్రంథంలోనే మూర్ సమస్యకు ఒక అధ్యాయం కేటాయించాడు. కానీ ఆయన చేతిలో ఉన్నది కదలని బొమ్మ. ఒకే క్షణంలో ఎవరికి ఏమి తెలుసునో అది చెప్పగలదు. మాట పలికిన తరువాత బొమ్మ ఎలా మారుతుందో చెప్పలేదు. అందుకే ఆ వాక్యాలు ఆయనకు పలకరాని దోషాలుగా కనిపించాయి. ప్లాజా తరువాతివారికి అవి పలికిన వెంటనే తమను తాము చెరిపివేసుకునే చాటింపులుగా కనిపించాయి.

స్థితులను కొట్టివేయటం అనే పద్ధతికి ఒక షరతు ఉంది: చాటింపు అందరికీ ఒకే క్షణంలో అందాలి, అందినట్లు అందరూ ఎరగాలి. ఆ షరతును సడలిస్తే ఏమవుతుందో మోసెస్, డానీ డోలెవ్, హాల్‌పెర్న్ ప్లాజా కంటే ముందే, 1986లో, గామోవ్ కథను తిరగవేసి పరీక్షించారు. వారి కథలో రాజ్యమేలేది రాణులు, తప్పుచేసేది భర్తలు. ఒక రాణి నగరచత్వరంలో స్త్రీలందరినీ సమావేశపరచి చదివినప్పుడు లెక్క నలభయ్యవ రాత్రి తేలినట్లే తేలుతుంది. తరువాతి రాణులు అదే ఆజ్ఞను లేఖల ద్వారా పంపుతారు. లేఖ తప్పక చేరుతుంది, కానీ ఏ రోజున చేరుతుందో తెలియదు అన్న సందర్భంలో, పొరుగింట నిశ్శబ్దానికి అర్థం మారిపోతుంది. నిన్న రాత్రి ఏమీ జరగలేదంటే పొరుగామెకు ఇంకా తెలియదనా, లేక ఆమెకు లేఖే అందలేదనా? మొదటి సందర్భంలో మౌనం స్థితులను కొట్టివేసే చాటింపు. రెండవ సందర్భంలో అది వట్టి మౌనం.